వర్కౌట్ అయిపోయాక కండరంలో ఏం జరుగుతుంది? ఆఫ్టర్ బర్న్, మజిల్ ప్రోటీన్ సింథసిస్ అసలు లెక్క

పోయిన వారం మా బామ్మర్ది ఇంటికొచ్చాడు. వాడికి 29 ఏళ్లు, 70 కిలోల బరువు, కూర్చుని చేసే ఉద్యోగం. మూడు నెలల నుంచి జిమ్‌కి వెళ్తున్నాడు, వారానికి రెండు రోజులు కాళ్ల వర్కౌట్. భోజనాల దగ్గర రెండోసారి బిర్యానీ వడ్డించుకుంటూ, "బావా, ఇవాళ లెగ్స్ చేశాను. ఇంకా 36 గంటలు క్యాలరీలు కాలుతూనే ఉంటాయని మా ట్రైనర్ చెప్పాడు" అన్నాడు.

"సరే రా, స్క్వాట్ బరువు ఎంత పెరిగింది?" అని అడిగాను. మొదటి నెలలో 40 కిలోల నుంచి 50కి వచ్చిందట. తర్వాత రెండు నెలలూ అక్కడే ఆగిపోయింది. నడుము చుట్టుకొలత మాత్రం ఒక ఇంచు పెరిగింది.

ట్రైనర్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదండి. వర్కౌట్ ఆపిన తర్వాత కూడా కండరం పని చేస్తూనే ఉంటుంది, ఒకటి రెండు రోజుల పాటు చేస్తుంది. కానీ ఆ పనికి అయ్యే క్యాలరీలు చాలా తక్కువ. ఆ పనికి కావాల్సిన సరుకు మాత్రం చాలా ముఖ్యం. మా వాడు క్యాలరీలు కాలతాయని నమ్మి బిర్యానీ పెంచాడు, సరుకు మాత్రం అందించలేదు. ఈ ఎపిసోడ్‌లో వాడి లెక్కే తీసుకుని మొత్తం విషయం చెప్పుకుందాం.

ముందు మొదటి గంట సంగతి చూద్దాం. ఆఖరి సెట్ అయిపోయి బెంచీ మీద కూర్చున్నారు. అయినా ఆయాసం వెంటనే తగ్గదు, కదా? శరీరం మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది. 1920లలో ఎ.వి. హిల్ దీన్ని "ఆక్సిజన్ అప్పు" అన్నారు. వ్యాయామంలో చేసిన అప్పు తర్వాత తీరుస్తున్నామన్నమాట. తర్వాత తేలింది ఏంటంటే, అప్పు తీర్చడం అందులో ఒక భాగమే, ఇంకా చాలా పనులున్నాయి. అందుకే 1984లో గేసర్, బ్రూక్స్ ఆ పాత పేరు వద్దని, వ్యాయామం తర్వాతి అదనపు ఆక్సిజన్ వాడకం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దాని పొట్టి పేరే ఈపీఓసీ. జిమ్ భాషలో ఆఫ్టర్ బర్న్.

ఇందులో అన్నిటికంటే ముందు జరిగేది ఫాస్ఫోక్రియాటిన్ నింపుకోవడం. బరువు ఎత్తిన మొదటి కొన్ని సెకన్లలో కండరానికి శక్తి ఎక్కువగా దీని నుంచే వస్తుంది. మీరు రెండు సెట్ల మధ్య మూడు నిమిషాలు ఆగుతారు చూడండి, అందులో ఇది చాలా వరకు మళ్లీ నిండిపోతుంది. ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన ఒకటి ఉంది. ఈ పదార్థాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఈసారి సెట్ల మధ్య కూర్చున్నప్పుడు ఆయన్ని గుర్తు చేసుకోండి.

దీనితో పాటు లాక్టేట్‌లో కొంత మళ్లీ గ్లూకోజ్‌గా మారుతుంది, పెరిగిన ఒంటి వేడి తగ్గుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది. ఇవన్నీ కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లో సద్దుమణుగుతాయి. మరి క్యాలరీలు ఎన్ని? ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2006 సమీక్ష ఒకటి, వ్యాయామానికి అయిన ఖర్చులో 6 నుంచి 15 శాతం దాకా తర్వాత అదనంగా ఖర్చవుతుందని తేల్చింది. మా వాడి కాళ్ల వర్కౌట్ ఖర్చు 250 క్యాలరీలు అనుకుందాం. అంటే తర్వాత కాలేవి 15 నుంచి 40 క్యాలరీలు. బరువుల వ్యాయామానికి ఇది కాస్త ఎక్కువ ఉండొచ్చు, రెట్టింపే అనుకున్నా 80. చక్కెర వేసిన ఒక కప్పు పాల టీ తాగితే ఆ లెక్క సరిపోయింది.

"మరి 36 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని మీరు అడగొచ్చు. ఈ నెమ్మదిగా సాగే పని వేరే ఉంది. అదే ఈ రోజు అసలు విషయం, మజిల్ ప్రోటీన్ సింథసిస్. అంటే కండరంలో కొత్త ప్రోటీన్ తయారవ్వడం.

చాలామంది కండరం అంటే ఒకసారి కట్టిన గోడలాంటిది అనుకుంటారు. కాదండి. అది రోజూ కొంచెం కూలుస్తూ, కొంచెం కడుతూ ఉండే ఇల్లు. మీరు జిమ్‌కి వెళ్లినా వెళ్లకపోయినా, కండరంలోని ప్రోటీన్‌లో రోజుకు సుమారు 1 నుంచి 2 శాతం విడిపోతుంది, దాదాపు అంతే మళ్లీ తయారవుతుంది. పాతబడిన, దెబ్బతిన్న ప్రోటీన్‌ని విడగొట్టి, వచ్చిన అమైనో ఆమ్లాల్లో ఎక్కువ భాగాన్ని మళ్లీ వాడుకుంటుంది. కట్టేది ఎక్కువైతే కండ పెరుగుతుంది, కూల్చేది ఎక్కువైతే తగ్గుతుంది.

కట్టడం ఎలా జరుగుతుందో ఒక్క ప్రోటీన్‌తో చూద్దాం. కండరాన్ని లాగే మోటారు లాంటి ప్రోటీన్ పేరు మయోసిన్. మీరు బరువుతో కిందికి కూర్చుని లేచినప్పుడు తొడ కండరపు పోగుల మీద లాగుడు పడుతుంది. ఆ లాగుడిని కణం పసిగడుతుంది. ఎలా పసిగడుతుందన్నది ఇంకా పరిశోధిస్తున్నారు, కానీ ఆ కబురు చేరేది ఎమ్‌టార్ అనే ఒక స్విచ్ దగ్గరికి. ఈ స్విచ్ సంగతి ఎలా తెలిసిందంటే, 2009లో మనుషుల మీదే ఒక ప్రయోగం చేశారు. ఎమ్‌టార్‌ని ఆపే రాపామైసిన్ అనే మందు ఇచ్చి, తర్వాత కాళ్ల వ్యాయామం చేయించారు. వాళ్లు కష్టపడటంలో తేడా లేదు, కానీ వ్యాయామం తర్వాత రావాల్సిన ప్రోటీన్ తయారీ పెరుగుదల రాలేదు. స్విచ్ పడకపోతే పని మొదలవదన్నమాట.

స్విచ్ పడ్డాక, కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ నుంచి తీసిన నకలు, అంటే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ, రైబోజోమ్ దగ్గర చదవబడుతుంది. రైబోజోమ్‌ని దండ గుచ్చే మనిషి అనుకోండి. ఒక్కో పువ్వూ ఒక్కో అమైనో ఆమ్లం. మయోసిన్‌లోని పెద్ద గొలుసుకి దాదాపు 1,940 పువ్వులు కావాలి. సెకనుకు అయిదారు చొప్పున గుచ్చుతుంది కాబట్టి ఒక్క గొలుసు పూర్తవ్వడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. తర్వాత అది సరిగ్గా ముడుచుకోవాలి, దాని జతతో కలవాలి, పోగులో తన చోట కుదురుకోవాలి. ఇలాంటివి కోట్లలో, ఒకేసారి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 20 రకాల పువ్వుల్లో ఏ ఒక్కటి లేకపోయినా దండ అక్కడే ఆగిపోతుంది. వాటిలో 9 మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఆ తొమ్మిదిలో లూసిన్ అనేది సరుకు మాత్రమే కాదు, ఎమ్‌టార్ స్విచ్‌ని తను కూడా నొక్కుతుంది. అంటే స్విచ్ దగ్గరికి రెండు కబుర్లు వెళ్లాలి. వ్యాయామం "కట్టాలి" అని చెబుతుంది, తిండి "సరుకు వచ్చింది" అని చెబుతుంది.

ఇప్పుడు ఖర్చు లెక్క. ఒక్కో అమైనో ఆమ్లాన్ని గుచ్చడానికి నాలుగు ఏటీపీలంత శక్తి అవుతుంది. అది లాబ్ భాష, మనం ఇంటి లెక్కలోకి మార్చుకుందాం. ఒక గ్రాము ప్రోటీన్ గుచ్చడానికి సుమారు 0.9 క్యాలరీ. మా వాడి తొడలు, పిరుదులు కలిపి 10 కిలోల కండ అనుకుందాం. అందులో అయిదో వంతు ప్రోటీన్, అంటే 2 కిలోలు. మామూలు రోజున అందులో 1.2 శాతం కొత్తగా తయారైతే 24 గ్రాములు. వర్కౌట్ తర్వాతి రోజంతా సగటున 60 శాతం పెరిగిందనుకోండి, అదనంగా సుమారు 14 గ్రాములు. గుచ్చడానికి 13 క్యాలరీలు. విడగొట్టే ఖర్చు, రవాణా, మిగతా సర్దుళ్లు అన్నీ కలిపి మూడింతలు వేసినా 40 క్యాలరీలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో బాగా నొప్పి పుట్టించే సెషన్ తర్వాత, వాపు, మరమ్మతు కలిసి, విశ్రాంతి ఖర్చు 5 శాతం దాకా రెండు మూడు రోజులు పెరిగినట్టు కొలిచిన సందర్భాలున్నాయి. మా వాడికి అది రోజుకి 80 క్యాలరీలు. వాడు వడ్డించుకున్న రెండో ప్లేటు బిర్యానీ ముందు ఇదెంత?

"కండ పెరిగితే కూర్చున్నా కాలుతుంది కదా బావా" అని వాడి తర్వాతి మాట. కాలుతుంది. ఒక కిలో కండ విశ్రాంతిలో రోజుకి సుమారు 13 క్యాలరీలు వాడుతుంది. రెండు కిలోలు పెంచితే 26. ఒక మేరీ బిస్కెట్ అంత. కాబట్టి క్యాలరీల కోసం ఈ 36 గంటల మీద ఆశ పెట్టుకోవద్దు.

మరి ఆ 36 గంటలు దేనికి? 1997లో స్టువర్ట్ ఫిలిప్స్ బృందం చేసిన అధ్యయనం దీనికి మంచి జవాబు ఇస్తుంది. ఎనిమిది మందితో కాళ్ల వ్యాయామం చేయించి, గుర్తు పట్టగలిగే అమైనో ఆమ్లాన్ని రక్తంలోకి ఎక్కించి, తొడ నుంచి సూదితో చిన్న ముక్క కండ తీసి, అందులో ఆ గుర్తు ఎంత చేరిందో కొలిచారు. చేరిన గుర్తుని బట్టి కొత్త ప్రోటీన్ ఎంత తయారైందో తెలుస్తుంది. తయారీ మూడు గంటలకి 112 శాతం పెరిగింది, 24 గంటలకి 65 శాతం, 48 గంటలకి కూడా 34 శాతం ఎక్కువే ఉంది. చూశారా, రెండు రోజుల తర్వాత కూడా పని జరుగుతూనే ఉంది.

కానీ అదే అధ్యయనంలో రెండో సగం ఎవరూ చెప్పరు. విడిపోవడం కూడా పెరిగింది, మూడు గంటలకి 31 శాతం, 24 గంటలకి 18 శాతం. ఆ మనుషులు పరగడుపున ఉన్నారు. రెండూ కలిపి చూస్తే లెక్క విశ్రాంతి కంటే మెరుగైంది గానీ, ఇంకా నష్టంలోనే ఉంది. అంటే వర్కౌట్ చేసి ఏమీ తినకపోతే కండ కట్టే పని పుంజుకుంటుంది, కూల్చే పని ఇంకా ముందుంటుంది. లెక్క లాభంలోకి వచ్చేది ప్రోటీన్ తిన్నాకే. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు మీరు తినే ప్రతి పూట ప్రోటీన్‌నీ కండరం మామూలు కంటే బాగా వాడుకుంటుంది. ఆ 36 గంటల విలువ అక్కడుంది. జిమ్ అయిన అరగంటలో షేక్ తాగకపోతే అంతా పోయిందన్న కంగారు కూడా దీంతో అక్కర్లేదు, సమయం బోలెడుంది.

ఇంకో చిక్కు ఉంది. తయారైన ప్రోటీన్ అంతా కండ పెరగడానికే వెళ్తుందా? 2016లో బ్రెజిల్‌లో ఫెలిపే డమాస్ బృందం పదిమంది యువకుల్ని పది వారాలు గమనించింది. మొదటి సెషన్ తర్వాత ప్రోటీన్ తయారీ అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది. కండరానికి జరిగిన డ్యామేజీ కూడా అప్పుడే ఎక్కువ. కానీ ఆ తయారీకీ, పది వారాల తర్వాత పెరిగిన కండకీ సంబంధం కనిపించలేదు. మూడో వారానికి డ్యామేజీ బాగా తగ్గింది. అప్పటి నుంచే తయారీ ఎంత ఉంటే కండ అంత పెరగడం కనిపించింది. అంటే మొదట్లో తాపీమేస్త్రీ పగుళ్లు పూడ్చడంలోనే ఉన్నాడు, మూడో వారం నుంచి కొత్త గది మొదలుపెట్టాడు.

దీన్నిబట్టి ఒళ్లు నొప్పులు పెరుగుదలకి కొలమానం కాదని అర్థమవుతుంది. ప్రతి వారం కొత్త ఎక్సర్‌సైజులు మార్చి, మెట్లు దిగలేనంత నొప్పి తెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ పగుళ్లు పూడ్పించుకుంటూనే ఉంటారు. అవే కదలికలు కొన్ని వారాలు చేస్తే నొప్పి తగ్గుతుంది, అది మంచి గుర్తే. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. విపరీతంగా చేసిన తర్వాత కండ బాగా వాచి, మూత్రం కోలా రంగులోకి వస్తే అది మామూలు నొప్పి కాదు. కండర కణాలు పగిలి వాటి లోపలి సరుకు రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడుతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు మా వాడి తిండి దగ్గరికి వద్దాం. "రోజంతా ఏం తింటావో చెప్పు" అంటే చెప్పాడు. పొద్దున మూడు ఇడ్లీ, సాంబారు, అంటే 9 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం అన్నం, పల్చని పప్పు, కొంచెం పెరుగు, దాదాపు 18. సాయంత్రం టీ, బిస్కెట్లు, ఓ 4. రాత్రి జిమ్ నుంచి వచ్చి రెండు చపాతీ, కూర, 9. మొత్తం 40. బిర్యానీ ఆదివారమే, అది కూడా ముక్కల కంటే రైస్ ఎక్కువ.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్లకే కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలి. వీడికి 58 గ్రాములు. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన 49 అధ్యయనాల్ని కలిపి చూసిన 2018 విశ్లేషణలో, కిలోకి దాదాపు 1.6 గ్రాముల వరకు ప్రోటీన్ పెంచితే కండకి లాభం కనిపించింది, ఆ పైన పెద్దగా లేదు. వీడికి అది 112 గ్రాములు. వాడు తినేది 40. స్విచ్ వారానికి రెండుసార్లు నొక్కుతున్నాడు, సరుకు బండి రావట్లేదు. మొదటి నెలలో 10 కిలోలు పెరిగింది కూడా ఎక్కువగా నరాలు ఆ కదలిక నేర్చుకోవడం వల్లే. నేర్చుకోవడం అయిపోయింది, కండ రాలేదు, కాబట్టి ఆగిపోయింది.

వాడితో కలిసి రాసిన ప్లాన్ ఇది. పొద్దున రెండు పెసరట్లు, రెండు గుడ్లు, 26 గ్రాములు. మధ్యాహ్నం అన్నం తగ్గించి, గట్టి పప్పు, పెద్ద గిన్నెడు పెరుగు, 22. జిమ్ ముందో వెనకో ఒక గుప్పెడు పుట్నాలు, గ్లాసు పాలు, 18. రాత్రి రెండు చపాతీలతో ఉడికాక 120 గ్రాములుండే చికెన్, 38. మొత్తం 104. చికెన్ తినని రోజు 100 గ్రాముల పనీర్, 30 గ్రాముల మీల్ మేకర్ కలిపితే దాదాపు అంతే వస్తుంది. పౌడర్ తప్పనిసరి కాదు. ఒక్క పూటే అంతా కుక్కకుండా నాలుగు పూటలకి పంచాం, స్విచ్ నాలుగుసార్లు పడుతుందని. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఈ లెక్క పాటించొద్దు.

దీంతో ఏమొస్తుంది? కొత్తవాళ్లకి అన్నీ సరిగ్గా కుదిరితే నెలకి అర కిలో కండ అనుకోండి. అర కిలో కండలో ప్రోటీన్ 100 గ్రాములు. రోజుకి మూడున్నర గ్రాములు కూడా లేదు. కూల్చింది, కట్టింది తీసేశాక మిగిలే చిల్లర అంతే. అందుకే ఒక్క రోజు మానేస్తే ఏమీ కనిపించదు, మూడు నెలలు సరుకు తగ్గితే మాత్రం స్క్వాట్ 50 దగ్గర ఆగిపోవడం కనిపిస్తుంది.

చివరగా, వాడు చేతి వాచీ చూపించాడు. "బావా, ఇందులో రికవరీ 41 గంటలు అని ఉంది." ఆ అంకె గుండె వేగం నుంచి వేసిన అంచనా, కండలోని ప్రోటీన్‌ని ఆ వాచీ చూడలేదు. మీకు చూసుకోవడానికి ఒక నోట్‌బుక్ చాలు. స్క్వాట్ బరువు, ఎన్నిసార్లు లేచారు, తొడ చుట్టుకొలత, నడుము చుట్టుకొలత, నెలకోసారి. మొదటి మూడూ మెల్లగా పెరిగి నడుము ఆగితే సరుకు చేరుతున్నట్టు. నడుము ఒక్కటే పెరిగితే, ఆఫ్టర్ బర్న్ పేరు మీద ఎవరో రెండో ప్లేటు తింటున్నట్టు.

మూడు నెలల తర్వాత వాడి నోట్‌బుక్ తెప్పించి మీకు చెబుతాను. అప్పటిదాకా మీ రోజు తిండిలో ప్రోటీన్ ఎంతుందో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, నమస్కారం.